పదిహేడేళ్ల ఎంటీబీఎఫ్ ఉన్న డ్రైవ్ ఎనిమిదో ఏట ఎందుకు పోతుంది? స్టోర్‌లో ఎన్ని ఉంచాలి?

లిఫ్ట్ సర్వీస్ కంపెనీ కానీ, ఫార్మా ప్లాంట్ కానీ, డేటా సెంటర్ కానీ, స్పేర్ పార్టుల దగ్గరికొచ్చేసరికి గొడవ ఒకటే. అకౌంట్స్ వాళ్లు "ఇన్ని డ్రైవ్‌లు ర్యాక్‌లో ఎందుకు పడున్నాయి, అదంతా డబ్బే కదా" అంటారు. సర్వీస్ వాళ్లు "పోయినసారి పార్ట్ లేక లిఫ్ట్ నెల రోజులు ఆగింది, తిట్లు తిన్నది మేము" అంటారు. మధ్యలో ఎవరో ఒకరు తయారీ కంపెనీ ఇచ్చిన కాగితం తీసి, "ఇదిగో ఎంటీబీఎఫ్ 1,50,000 గంటలు, అంటే పదిహేడేళ్లు. మనవి పెట్టి ఎనిమిదేళ్లే కదా, స్పేర్లు దేనికి?" అని తేల్చేస్తారు. ఎంటీబీఎఫ్ అంటే రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం. దాన్ని ఆయుష్షు అనుకుని అలా తేల్చడం తప్పు. ఎందుకు తప్పో, సరైన లెక్క ఎలా వేయాలో ఒక్క పార్ట్‌నే పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఆ పార్ట్ లిఫ్ట్ డ్రైవ్. మెకానిక్‌లు వీఎఫ్‌డీ అంటారు. టెర్రస్ మీద మెషిన్ రూమ్‌లో, కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటుంది. వచ్చే త్రీ ఫేజ్ కరెంటుని ముందు డీసీగా మార్చి, దాన్ని మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీగా చేసి మోటార్‌కి ఇస్తుంది. లిఫ్ట్ కుదుపు లేకుండా కదిలి, ఫ్లోర్‌కి సరిగ్గా సమంగా ఆగేది దీనివల్లే. కూకట్‌పల్లి, నిజాంపేట, ఎల్బీ నగర్ వైపు అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి ఉన్నదే ఒక్క లిఫ్ట్, కాబట్టి ఆ డ్రైవ్ పోతే పై అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లు ఇంట్లోంచి దిగడం మానేస్తారు. అందుకే ఈ పార్ట్ ఎంచుకున్నాను.

లెక్క కోసం ఒక సర్వీస్ కంపెనీని ఊహించుకుందాం. సిటీ మొత్తం మీద 180 లిఫ్టులు ఏఎంసీలో ఉన్నాయి, అన్నిట్లో ఒకటే మోడల్ డ్రైవ్. గత రెండేళ్లలో 21 డ్రైవ్‌లు పోయాయి. కొత్తది ఆర్డర్ పెడితే చేతికి రావడానికి 42 రోజులు. ప్రశ్న ఒకటే: స్టోర్‌లో ఎన్ని ఉంచాలి?

ఎంటీబీఎఫ్ ఆయుష్షు కాదు

డ్రైవ్‌కి కరెంటు రోజంతా ఉంటుంది, కాబట్టి ఒక్కో డ్రైవ్ ఏడాదికి 8,760 గంటలు నడిచినట్టు లెక్క. 180 లిఫ్టులు, రెండేళ్లు, అంటే 360 లిఫ్ట్-సంవత్సరాలు. దాన్ని 21 ఫెయిల్యూర్లతో భాగిస్తే ఒక్కో ఫెయిల్యూర్‌కి 17 ఏళ్ల చిల్లర వస్తుంది, గంటల్లో దాదాపు 1,50,000. కాగితం మీద ఉన్న అంకే వచ్చింది. అంటే తయారీ కంపెనీ అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని తప్పుగా చదివాం, అంతే.

ఇందులో ఒక్క డ్రైవ్ కూడా పదిహేడేళ్లు నడవలేదు, గమనించారా? చాలా డ్రైవ్‌లు కొద్ది కాలం నడిచిన గంటలన్నీ కలిపి, అందులో ఎన్ని పోయాయో దాంతో భాగించాం. మనుషులతో పోల్చి చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. పాతికేళ్ల వయసున్న వెయ్యి మందిలో ఏడాదికి ఒకరు చనిపోతున్నారనుకుందాం. ఇదే పద్ధతిలో లెక్కేస్తే వాళ్ల ఎంటీబీఎఫ్ వెయ్యేళ్లు! వాళ్లలో ఎవరూ వెయ్యేళ్లు బతకరు కదా. ఆ అంకె చెప్పేది ఆ వయసులో ప్రమాదం ఎంత తక్కువో, అంతే. ముసలితనం ఎప్పుడొస్తుందో అది చెప్పదు, చెప్పలేదు కూడా, ఎందుకంటే ముసలివాళ్లని ఆ లెక్కలోకి తీసుకోనేలేదు.

ఇంకో సంగతి. ఫెయిల్యూర్ రేటు ఎప్పుడూ ఒకేలా ఉంటుందని ఒప్పుకున్నా సరే, ఎంటీబీఎఫ్ అంత కాలం గడిచేసరికి నూటికి 37 మాత్రమే మిగులుతాయి, 63 అప్పటికే పోయి ఉంటాయి. కాబట్టి "పదిహేడేళ్లు గ్యారంటీ" అని ఏ రకంగా చూసినా అనలేం. ఎంటీబీఎఫ్‌ని వాడాల్సింది ఒక్క పార్ట్ మీద కాదు, గుంపు మీద. 180 డ్రైవ్‌లున్నాయి, 17 ఏళ్లకొకటి చొప్పున, అంటే ఏడాదికి పదో పదకొండో పోతాయి. ఆ మాట మాత్రం నమ్మొచ్చు, స్పేర్ల లెక్క మొదలయ్యేది కూడా అక్కడినుంచే.

ఏడాదికి పది పోతే ర్యాక్‌లో ఎన్ని?

ఒక డ్రైవ్ పోగానే ర్యాక్‌లోది తీసి బిగిస్తాం, అదే రోజు కొత్తదానికి ఆర్డర్ పెడతాం. ఆ కొత్తది రావడానికి 42 రోజులు. ఇలా ఒకటికి ఒకటి ఆర్డర్ పెట్టే పద్ధతిలో, ఏ రోజు చూసినా దారిలో ఉన్న డ్రైవ్‌లు ఎన్నంటే, గత 42 రోజుల్లో పోయినవి ఎన్నో సరిగ్గా అన్ని. కాబట్టి మూడు స్పేర్లతో మొదలుపెట్టామనుకోండి, గత 42 రోజుల్లో మూడు పోతే ర్యాక్ ఖాళీ, నాలుగు పోతే ఎక్కడో ఒక లిఫ్ట్ పార్ట్ కోసం ఆగి ఉన్నట్టే.

ఏడాదికి 10.5 చొప్పున 42 రోజుల్లో సగటున 1.2 పోతాయి. ఇక్కడే చాలామంది "ఒకటిన్నర కూడా లేదు, రెండు ఉంచితే దండిగా సరిపోతాయి" అనుకుంటారు. కానీ ఫెయిల్యూర్లు సగటు ప్రకారం వరుసగా రావు. రెండు నెలలు ఒక్కటీ పోదు, తర్వాత ఒకే వారంలో మూడు పోతాయి. ఒకదానికొకటి సంబంధం లేకుండా జరిగే ఇలాంటి వాటికి పాయిజాన్ లెక్క సరిపోతుంది, ఎక్సెల్‌లో ఒక్క లైనే:

```
=1-POISSON.DIST(3, 1.2, TRUE)
```

మొదటి అంకె మన దగ్గరున్న స్పేర్లు, రెండోది ఆ 42 రోజుల సగటు. వచ్చే జవాబు, ఏ రోజు చూసినా కనీసం ఒక లిఫ్ట్ పార్ట్ కోసం ఎదురుచూస్తూ ఉండే అవకాశం. ఒక్క స్పేరే ఉంటే అది 34 శాతం, అంటే దాదాపు మూడు రోజులకొక రోజు. రెండుంటే 12 శాతం, మూడుంటే 3.4, నాలుగుంటే 1 శాతం లోపే. సగటు 1.2 అయినప్పుడు మూడు ఉంచడం దుబారా కాదని అకౌంట్స్ వాళ్లకి చూపించడానికి ఈ నాలుగు అంకెలు చాలు. అయిదోది కొంటే మాత్రం పెద్దగా ఒరిగేదేం లేదు.

ఈ స్టాక్‌ని రెండు చోట్ల పెడితే ఏమవుతుందనే ప్రశ్న మన సిటీలో తప్పకుండా వస్తుంది, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ పోవడమంటే సాయంత్రం పూట మామూలు విషయం కాదు కాబట్టి. లిఫ్టుల్ని సగం సగం పంచి రెండు స్టోర్లు పెట్టి, ఒకరిది ఒకరు ముట్టుకోకూడదంటే, దాదాపు అదే భరోసా కోసం ఒక్కోచోట రెండేసి, మొత్తం నాలుగు కావాలి. ఒకచోటే ఉంచితే మూడుతో అయ్యే పని. డ్రైవ్ లాంటి ఖరీదైన పార్ట్‌ని ఒకే చోట పెట్టి, అవసరమైనప్పుడు బైక్ మీద పంపించడం నాకు మేలనిపిస్తుంది. చిన్న చిన్న డోర్ కాంటాక్టులు, రిలేలు అయితే ప్రతి మెకానిక్ బ్యాగులోనూ ఉండాల్సిందే, వాటికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

సరే, మూడు అని తేలింది. కానీ ఈ మూడు వచ్చే ఏడాది చాలవు. ఎందుకో 1,50,000 అన్న అంకె చెప్పదు.

తొట్టి ఆకారం

ఒక పార్ట్ వయసుని అడ్డంగా, ఆ వయసులో పోయే రేటుని నిలువుగా వేసి గీత గీస్తే, చాలా పుస్తకాల్లో కనిపించే బొమ్మ స్నానాల తొట్టిలా ఉంటుంది. ఎడమవైపు ఎత్తు నుంచి దిగుతుంది, మధ్యలో చాలా దూరం చదునుగా పోతుంది, కుడివైపు మళ్లీ లేస్తుంది. నిజానికి ఇది మూడు వేరు వేరు కారణాలు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వచ్చే ఆకారం, ఆ మూడింటికీ మందు కూడా వేరు వేరు.

ఎడమ గట్టు బిగింపు లోపాలది, తయారీ లోపాలది. సరిగా పట్టని సోల్డర్, రవాణాలో తగిలిన దెబ్బ, బిగించని టెర్మినల్ స్క్రూ, తప్పుగా పెట్టిన పారామీటర్. మన దగ్గర దీనికి ఇంకొకటి కలుస్తుంది. కొత్త బిల్డింగ్‌లో లిఫ్ట్ పెట్టేసరికి ఇంకా ఇంటీరియర్ పనులు నడుస్తుంటాయి, టైల్స్, సిమెంట్ బస్తాలు అన్నీ ఆ లిఫ్ట్‌లోనే ఎక్కిస్తారు, గ్రానైట్ కోస్తుంటే లేచే ధూళి డ్రైవ్ ఫ్యాన్‌లోంచి లోపలికెళ్లి బోర్డు మీద పేరుకుంటుంది. పైగా చాలాసార్లు పర్మనెంట్ కనెక్షన్ రాకముందే టెంపరరీ సప్లై మీద నడిపిస్తారు, ఓల్టేజ్ ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. ఈ దశ దాటి ఆరు నెలలు నిలబడిన డ్రైవ్ తర్వాత చాలాకాలం ఇబ్బంది పెట్టదు.

మధ్య చదునులో పోయేవాటికి వయసుతో సంబంధం లేదు. పిడుగు పడి సర్జ్ వచ్చింది, ఒక ఫేజ్ పోయింది, వెచ్చదనం కోసం ప్యానెల్‌లోకి దూరిన బల్లి రెండు టెర్మినల్స్ మధ్య పడి షార్ట్ చేసింది. రెండేళ్ల డ్రైవ్‌కి ఎంత ప్రమాదమో అయిదేళ్లదానికీ అంతే. ఎంటీబీఎఫ్ అన్న మాటకి పూర్తి అర్థం ఉండేది ఈ భాగంలోనే. ఇక్కడ "అయిదేళ్లయింది కదా, ముందు జాగ్రత్తగా మార్చేద్దాం" అంటే చదునులో హాయిగా నడుస్తున్నదాన్ని తీసేసి, కొత్తదాన్ని ఎడమ గట్టు మీద నిలబెట్టినట్టే. డబ్బు పోయి, రిస్కు కూడా పెరుగుతుంది.

కుడి గట్టు అరుగుదల. డ్రైవ్‌లో ముందు ముసలయ్యేవి రెండు: ఫ్యాన్, డీసీగా మారిన కరెంటు నడిచే లైన్, అంటే డీసీ బస్ మీద ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. కెపాసిటర్‌లో ఉండే ద్రవం వేడికి నెమ్మదిగా ఆరిపోతుంది. దీనికి ఒక స్థూలమైన సూత్రం ఉంది, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పెరిగితే సగం. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో ఉంటే 80,000 గంటలు, అంటే తొమ్మిదేళ్లు వస్తుంది. 75 డిగ్రీల్లో ఉంటే నాలుగున్నరేళ్లే. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం బయట 40 దాటిన రోజుల్లో, పైన ఎండ పడే మెషిన్ రూమ్‌లో, కిటికీ కూడా మూసేసి ఉంటే లోపల ప్యానెల్ ఎంత వేడెక్కుతుందో మెషిన్ రూమ్‌లోకి వెళ్లిన వాళ్లందరికీ తెలుసు. ఒకే మోడల్ డ్రైవ్ ఒక బిల్డింగ్‌లో పదేళ్లు, పక్క బిల్డింగ్‌లో ఆరేళ్లు రావడానికి చాలాసార్లు కారణం ఆ కిటికీయే.

ముసలితనం ముందే కనిపిస్తుంది కూడా. ఫుల్ లోడ్‌తో పైకి ఎక్కేటప్పుడు మాత్రమే అండర్‌వోల్టేజ్ ట్రిప్ రావడం, మధ్యాహ్నం మాత్రమే ఓవర్‌హీట్ చూపించడం, ఫ్యాన్ గరగరలాడటం, విప్పి చూస్తే కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉండటం. మీటర్ పెట్టి కొలిస్తే కెపాసిటీ రాసినదానికన్నా 20 శాతం తగ్గి ఉంటే దాని పని అయిపోయినట్టే లెక్క. ఒక్క హెచ్చరిక: 415 వోల్టుల సప్లైలో ఆ డీసీ బస్ మీద 580 వోల్టుల పైనే ఉంటుంది, మెయిన్ ఆఫ్ చేశాక కూడా కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగి, మీటర్‌తో చూసుకుని, అప్పుడే చెయ్యి పెట్టాలి.

అయితే ఈ తొట్టి బొమ్మని ప్రతి పార్ట్‌కీ అంటించకూడదు. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి చెందిన నోలన్, హీప్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1978లో ఇచ్చిన నివేదికలో, విమాన భాగాల్లో మూడు దశలూ ఉన్న పూర్తి తొట్టి ఆకారం చూపించినవి 4 శాతమేనని తేలింది. 68 శాతం భాగాలకి ఎడమ గట్టు, తర్వాత చదును మాత్రమే కనిపించాయి, కుడి గట్టు లేదు. విమానాల సంగతి లిఫ్టులకి అలాగే వర్తిస్తుందని కాదు. కానీ ఏ పార్ట్‌కి కుడి గట్టు ఉందో, అది ఎక్కడ మొదలవుతుందో మన రికార్డులే చెప్పాలి, ఊహించుకోకూడదు.

21 ఫెయిల్యూర్లని వయసు ప్రకారం విడగొడితే

ఇప్పుడు ఆ 21 సర్వీస్ స్లిప్పులు తీసి, ఒక్కో డ్రైవ్ పోయేనాటికి దాని వయసెంతో రాద్దాం. ఆరు నెలల లోపు పోయినవి 3. ఆరు నెలల నుంచి ఏడేళ్ల మధ్య 8. ఏడేళ్లు దాటాక 10.

ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పులో కాలేసినట్టే. "ఆరు నెలల లోపు మూడేగా, కొత్తవి బాగున్నాయి" అనిపిస్తుంది. కానీ ఆ వయసులో ఉన్న లిఫ్టులు ఎన్ని? ఈ రెండేళ్లలో పెట్టినవి 24, ఒక్కోటి ఆ వయసులో అర ఏడాదే గడుపుతుంది, కాబట్టి మొత్తం 12 లిఫ్ట్-సంవత్సరాలే. అందులో 3 పోయాయంటే నాలుగేళ్లకొకటి. మధ్య వయసువి 258 లిఫ్ట్-సంవత్సరాలు నడిచి 8 పోయాయి, 32 ఏళ్లకొకటి. ఏడేళ్లు దాటినవి 45 లిఫ్టులు, రెండేళ్లకి 90 లిఫ్ట్-సంవత్సరాలు, 10 పోయాయి, తొమ్మిదేళ్లకొకటి.

నాలుగు, ముప్పై రెండు, తొమ్మిది. తొట్టి ఇక్కడే కనబడుతోంది, గీత కూడా గీయక్కర్లేదు. అన్నీ కలిపి కొట్టిన సగటు పదిహేడు మాత్రం ఈ మూడు గుంపుల్లో ఏ ఒక్కదానికీ సరిపోదు. కొత్తవాటికి అది మరీ ఆశ, మధ్యవాటికి మరీ భయం, పాతవాటికి దాదాపు రెట్టింపు.

వచ్చే ఏడాది సంగతి ఇప్పుడు చూడండి. ఒకే కాలంలో పెట్టిన 30 లిఫ్టులు ఏడేళ్లు దాటబోతున్నాయి, పాత గుంపు 45 నుంచి 75 అవుతుంది. కొత్తగా పది వస్తాయి, కొన్ని కాంట్రాక్టులు పోయి మొత్తం మళ్లీ 180 దగ్గరే ఉంటుంది. అయినా పోయే డ్రైవ్‌లు ఏడాదికి 10.5 కాదు, పాతవాటిలో 8 పైన, మధ్యవాటిలో 3, కొత్తవాటిలో ఒకటి, మొత్తం 13 దగ్గరికొస్తాయి. 42 రోజుల సగటు 1.5. దీన్ని ఆ ఎక్సెల్ లైన్‌లో పెడితే మూడు స్పేర్లతో రిస్కు 3.4 నుంచి దాదాపు 6.6 శాతానికి, అంటే రెట్టింపుకి వెళ్తుంది. నాలుగు ఉంచితే 2 శాతం లోపుకి దిగుతుంది. లిఫ్టుల సంఖ్య ఒక్కటి కూడా పెరగకుండా స్పేర్ల అవసరం పెరిగింది, వాటి వయసు పెరిగినందుకు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మొదటిది, 21 అన్నది చిన్న సంఖ్య. అసలు రేటు అలాగే ఉన్నా, కేవలం అదృష్టం అటూ ఇటూ అయ్యి రెండేళ్లలో 15 పోయి ఉండొచ్చు, 30 పోయి ఉండొచ్చు. గణితం ప్రకారం ఈ డేటాతో ఎంటీబీఎఫ్ దాదాపు లక్ష గంటల నుంచి 2,40,000 గంటల మధ్య ఎక్కడైనా ఉండొచ్చని మాత్రమే 95 శాతం నమ్మకంతో చెప్పగలం. వయసుల వారీగా విడగొట్టిన అంకెలు, ముఖ్యంగా ఆ మూడు ఫెయిల్యూర్ల గుంపు, ఇంకా వదులుగా ఉంటాయి. అందుకే మూడా నాలుగా అన్న ఊగిసలాట వస్తే నేను నాలుగు వైపే ఉంటాను. రెండోది, పాయిజాన్ లెక్క ఫెయిల్యూర్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా వస్తాయని నమ్ముతుంది. వానాకాలం మొదట్లో ఒక్క పిడుగుల రాత్రి ఆ నమ్మకాన్ని చెడగొడుతుంది, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రెండు మూడు బిల్డింగ్‌లలో డ్రైవ్‌లు ఒకేసారి పోవచ్చు. పాత కెపాసిటర్లు కూడా ఎండాకాలంలోనే గుంపుగా చేతులెత్తేస్తాయి. ఏడాది సగటుతో వచ్చిన సంఖ్య ఏప్రిల్ నుంచి జులై వరకు తక్కువే అవుతుంది, కాబట్టి ఆ అదనపు డ్రైవ్ మార్చి ఆఖరులోపు ర్యాక్‌లో ఉండేలా ఆర్డర్ ఫిబ్రవరి మొదట్లోనే పెట్టాలి, 42 రోజులు పడుతుంది కదా.

కొనడం ఒక్కటే దారి కాదు

తొట్టిలో ఏ వైపు నుంచి ఫెయిల్యూర్లు వస్తున్నాయో తెలిశాక చేయాల్సిన పని కూడా మారుతుంది. కుడి గట్టు నుంచి వస్తుంటే స్పేర్లు పెంచడం కన్నా ఆరేడేళ్లకి ఫ్యాన్, కెపాసిటర్లు మార్చేయడం మేలు. అప్పుడు మొత్తం డ్రైవ్ మార్చక్కర్లేదు, ఆ ఇంటివాళ్లకి ముందే చెప్పి ఒక మధ్యాహ్నం పూట ఆపి చేసుకోవచ్చు. ఆ 75 పాత లిఫ్టులకీ ఇలా చేస్తే అవి మళ్లీ 32 ఏళ్లకొకటి రేటుకి వచ్చేస్తాయని కాగితం మీద అనిపిస్తుంది. పూర్తిగా రావు. మిగతా బోర్డు పాతదే, పైగా విప్పి బిగించిన చోట కొత్తగా తప్పులు జరుగుతాయి. సగం లాభం వచ్చినా ఏడాదికి మూడు బ్రేక్‌డౌన్లు తగ్గుతాయి.

ఎడమ గట్టుకి వేరే మందు. కొత్త డ్రైవ్ రాగానే ర్యాక్ ఎక్కించకుండా వర్క్‌షాప్‌లో మోటార్ కట్టి ఒకటి రెండు రోజులు నడిపి చూడాలి, పోయేదేదో అక్కడే పోతుంది. కొత్త బిల్డింగ్‌లో ఇంటీరియర్ పనులు అయ్యేదాకా నెలనెలా ప్యానెల్ ధూళి ఊది, టెర్మినల్స్ బిగించి రావాలి. ర్యాక్‌లో ఉన్న స్పేర్‌కి కూడా ఒక వయసుంటుంది, ఇది చాలామంది పట్టించుకోరు. కరెంటు లేకుండా ఏడాదికి పైగా పడున్న డ్రైవ్‌లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది, దానికి ఒక్కసారిగా పూర్తి ఓల్టేజ్ ఇస్తే అక్కడికక్కడే పోవచ్చు. చాలా మాన్యువల్స్‌లో దీనికి రీఫార్మింగ్ అని ఓల్టేజ్‌ని నెమ్మదిగా పెంచే పద్ధతి రాసి ఉంటుంది. ర్యాక్‌లోని ప్రతి డ్రైవ్ మీద వచ్చిన తేదీ రాసి, పాతది ముందు వాడుకుంటూ ఉంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ లాభం వచ్చేది ఆ 42 రోజుల దగ్గర. లెక్కలో ఎంటీబీఎఫ్‌కి ఎంత బరువుందో రోజులకీ అంతే ఉంది, రేటు సగం చేసినా, రోజులు సగం చేసినా ఫలితం ఒకటే. ఎంటీబీఎఫ్ పెంచడం కష్టం, రోజులు తగ్గించడం సులువు. పోయిన డ్రైవ్‌లలో నూటికి అరవై కెపాసిటరో, ఫ్యానో, గేట్ బోర్డులో చిన్న పార్టో మార్చితే బాగయ్యేవి అనుకుందాం. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు తెచ్చి మనదే బెంచ్ మీద పది రోజుల్లో బాగుచేసి ర్యాక్‌లో పెడితే, ఖాళీ నిండటానికి పట్టే సగటు 42 నుంచి 23 రోజులకి పడిపోతుంది. ఏడాదికి 13 పోయే ఆ కష్టకాలంలో కూడా ఆ వ్యవధి సగటు 0.8 అవుతుంది, మూడు స్పేర్లతోనే రిస్కు 1 శాతం దగ్గరికొస్తుంది. నాలుగో డ్రైవ్ కొనక్కర్లేదు. ఆ డబ్బుతో ఒక మంచి సోల్డరింగ్ స్టేషన్, కెపాసిటర్ మీటర్ కొనుక్కోవచ్చు. బాగుచేసిన డ్రైవ్ మళ్లీ ఎడమ గట్టు మీద మొదలవుతుంది కాబట్టి దానికీ ఆ ఒకటి రెండు రోజుల టెస్టు తప్పదు, ఎవరు చేశారో, ఏం మార్చారో స్టిక్కర్ మీద రాయాలి.

ఈ లెక్కకి లొంగని పార్టులు కొన్ని ఉంటాయి. కరెంటు పోయినప్పుడు లిఫ్ట్‌ని దగ్గరి ఫ్లోర్‌కి చేర్చే ఏఆర్‌డీ బ్యాటరీలకి చదును దాదాపు లేదు, అన్నీ ఒక వయసుకొచ్చేసరికి వరసగా బలహీనపడతాయి. వాటికి ఎంటీబీఎఫ్ దండగ, తేదీ చూసి మార్చడమే. డోర్ లాక్ కాంటాక్టులకి గంటలు కాదు, తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందన్నది లెక్క. కింద షాపులు, పైన హాస్టల్ ఉన్న అమీర్‌పేట బిల్డింగ్‌నీ, పది కుటుంబాలున్న ఇంకో బిల్డింగ్‌నీ క్యాలెండర్ ప్రకారం ఒకే గాటన కట్టలేం.

మెయిన్ మెషిన్ గేర్‌బాక్స్ లాంటివి రెండేళ్లలో ఒక్కటీ పోలేదనుకోండి, ఫెయిల్యూర్లు సున్నా, భాగిస్తే ఎంటీబీఎఫ్ అనంతం అని వస్తుంది. దాన్ని నమ్మకూడదు. ఇలాంటప్పుడు సున్నా బదులు 3 వేసుకుని భాగించే పద్ధతి ఒకటుంది: 360 లిఫ్ట్-సంవత్సరాలని 3తో భాగిస్తే 120. అంటే అసలు రేటు 120 ఏళ్లకొకటి కన్నా అధ్వాన్నంగా ఉండదని 95 శాతం నమ్మకంతో అనొచ్చు, అంతకుమించి ఏమీ అనలేం. 180 లిఫ్టుల మీద అది ఏడాదికి ఒకటిన్నర దాకా రావచ్చు! అంత ఖరీదైన, బరువైన మెషిన్‌ని కొని పెట్టుకోవడం చాలా కంపెనీలకి కుదరదు. అక్కడ స్టోర్‌లో ఉండాల్సింది బేరింగులు, ఆయిల్ సీళ్లు. దాంతోపాటు, అదే మోడల్ మెషిన్ ఎవరి దగ్గర ఎన్ని రోజుల్లో దొరుకుతుందో సప్లయర్‌తో ముందే మాట్లాడి రాయించుకున్న కాగితం ఒకటి ఉండాలి, ఏడాదికోసారి ఫోన్ చేసి ఆ రోజులు అలాగే ఉన్నాయో లేదో కనుక్కుంటూ ఉండాలి.